స్లాబు వేసే ముందు ఇంజినీరు గారికి రాసే ఉత్తరం: ఏం అడగాలి, ఎందుకు అడగాలి

గోదావరి జిల్లాల్లో స్లాబు రోజు పెళ్లిరోజు లాంటిదే. తెల్లవారేసరికి కాంక్రీటు కలిపే మిల్లర్ వస్తుంది, కూలీలు దిగుతారు, కొబ్బరికాయ కొడతారు, ఇంట్లోంచి టిఫిన్లు వస్తాయి. తొమ్మిదింటికి ఇంజినీరు గారు వచ్చి, నిచ్చెనెక్కి ఒక చుట్టు చూసి, "బాగానే ఉంది, కానివ్వండి" అని దిగిపోతారు. బాగాలేకపోయినా ఆ గంటకు ఆయన అనగలిగింది అంతే. బాల్కనీ ఇనుము ఎత్తి మళ్లీ కట్టించాలంటే సగం పూట పోతుంది. అప్పటికే మిల్లర్ అద్దె నడుస్తోంది, పాతికమంది కూలీ ఖాయమైంది. ఆ పరిస్థితిలో పని ఆపమనడానికి ఎవరికీ నోరు రాదు.

అందుకే ఇంజినీరు గారికి ముందుగా ఒక ఉత్తరం రాయాలి. తనిఖీని స్లాబు రోజు నుంచి రెండు రోజులు వెనక్కి జరపడం ఆ ఉత్తరం చేసే మొదటి పని. రెండోది, "అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి" అని అడగడాన్ని కొలతతో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలుగా మార్చడం. సరిగ్గా ఉందా అంటే ఉంది అంటారు. సెంట్రింగ్ పలక మీది నుంచి రాడ్డు ఎన్ని అంగుళాల ఎత్తులో ఉంది అంటే టేపు తీయక తప్పదు.

ఉదాహరణకు కోనసీమ పల్లెలో ఒక ఇల్లు తీసుకుందాం. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. స్లాబు మందం 5 అంగుళాలు, అంటే 125 ఎం.ఎం. కాంక్రీటు ఎం25 రకం, ఇనుము ఎఫ్‌ఈ 500 రకం. వీధి వైపు 4 అడుగులు బయటికి వచ్చిన బాల్కనీ, దాని అంచున 4 అంగుళాల ఇటుక పిట్టగోడ. బీములతో కలిపి కాంక్రీటు సుమారు 18 ఘనపు మీటర్లు అవుతుంది. ఆ ఇంటి యజమాని రాసే ఉత్తరం ఇలా ఉండొచ్చు.

గౌరవనీయులైన ఇంజినీరు గారికి,

నమస్కారమండి. మా ఇంటి గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు వచ్చే శనివారం వేద్దామని మేస్త్రి గారు అంటున్నారు. సెంట్రింగ్ అయింది. ఇనుము కట్టడం, కరెంటు పైపులు పరచడం బుధవారం సాయంత్రానికి పూర్తవుతాయి. గురువారం ఉదయం ఎండెక్కకముందు మీరు వచ్చి ఈ కింది విషయాలు కొలిచి చూడాలని కోరుతున్నాను. ఆ సమయానికి సెంట్రింగ్ మేస్త్రి, రాడ్ బెండింగ్ మేస్త్రి ఇద్దరూ ఉంటారు. డ్రాయింగుల కాపీ, టేపు, లెవెల్ ట్యూబు సిద్ధంగా ఉంచుతాను.

1. బాల్కనీ పై ఇనుము పలక మీది నుంచి ఎంత ఎత్తులో ఉంది? లోపలి స్లాబులోకి ఎన్ని అడుగులు వెళ్లింది? కుర్చీలు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయి?
2. బాదులు, జాకీలు దేని మీద నిలబడ్డాయి? ప్లింత్ లోపల పోసిన బుసక మీద నేరుగా ఎన్ని ఉన్నాయి?
3. కలపడానికి ఏ నీళ్లు వాడాలి? బోరు నీళ్ల పరీక్ష కాగితం దీనితో జతచేశాను.
4. స్లాబు అడుగున, బీముల అడుగున, పక్కల కవర్ ఎంత ఉంది? డ్రాయింగులో ఎంత ఉంది?
5. రాడ్ల మందం, వాటి మధ్య దూరం డ్రాయింగు ప్రకారమే ఉన్నాయా? రాడ్లు కలిపిన చోట ఒకదాని పక్కన ఒకటి ఎంత పొడవు నడిచాయి?
6. మధ్యలో వర్షం వచ్చి ఆపాల్సి వస్తే ఎక్కడ ఆపాలి? దయచేసి పలక మీద చాక్‌పీసుతో గీత గీయండి.
7. సెంట్రింగ్ ఏ భాగం ఏ తేదీన విప్పాలి?

సరిదిద్దాల్సినవి ఉంటే శుక్రవారం చేయించి, ఫోటోలు మీకు పంపిస్తాను. మీరు సరేనని రాసి ఇచ్చాకే మిల్లర్‌కు అడ్వాన్సు ఇస్తాను.

ఇట్లు,
ఇంటి యజమాని

చివరి వాక్యం తీసేస్తే మిగతా ఉత్తరమంతా మర్యాదపూర్వకమైన విన్నపంగానే మిగిలిపోతుంది. మిల్లర్‌కు అడ్వాన్సు పడితే తేదీ ఖాయమవుతుంది. తేదీ ఖాయమయ్యాక తనిఖీ లాంఛనమే.

ఇక బాల్కనీనే మొదటి ప్రశ్నగా ఎందుకు పెట్టారో చూద్దాం. రెండు పక్కలా ఆధారం ఉన్న గది స్లాబు మధ్యలో కిందికి వంగుతుంది, లాగుడు అడుగున పడుతుంది కాబట్టి ముఖ్యమైన ఇనుము అడుగున ఉంటుంది. బాల్కనీకి ఒక పక్కే ఆధారం. దాని అంచు కిందికి వంగితే లాగుడు పైభాగంలో పడుతుంది. అందుకని అక్కడ ఇనుము పైన ఉండాలి. కట్టినప్పుడు పైనే ఉంటుంది కూడా. ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. కరెంటు పని వాళ్లు దాని మీద నడుస్తారు, కాంక్రీటు తట్టలు మోసేవాళ్లు తొక్కుతారు, రాడ్లను పైకి ఎత్తి పట్టే ఇనుప కుర్చీలు పల్చగా ఉంటే రాడ్లు కిందికి జారిపోతాయి. కాంక్రీటు పడ్డాక పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు.

జారితే ఎంత నష్టమో మన ఉదాహరణలోనే లెక్క వేయొచ్చు. బాల్కనీలో 10 ఎం.ఎం. రాడ్లు 5 అంగుళాల దూరంలో ఉన్నాయనుకుందాం. వానకు తడిసే చోటు కాబట్టి రాడ్డును కప్పే కాంక్రీటు, అంటే కవర్, పైన 30 ఎం.ఎం. ఇచ్చారు. అప్పుడు రాడ్డు మధ్య నుంచి స్లాబు అడుగుకు 90 ఎం.ఎం. ఉంటుంది, బలమంతా ఆ 90లోనే ఉంది. స్లాబు సొంత బరువు, ఫ్లోరింగు, పిట్టగోడ, నిలబడే మనుషులు, వీటికి భద్రత కోసం వేసే ఒకటిన్నర రెట్లు అన్నీ కలిపి బాల్కనీ మోయాల్సింది 100 అనుకుంటే, రాడ్లు సరైన ఎత్తులో ఉన్న స్లాబు సుమారు 180 మోస్తుంది. అదే ఇనుము 40 ఎం.ఎం. కిందికి జారితే, ఒకటిన్నర అంగుళం అన్నమాట, ఆ 180 కాస్తా 88 దగ్గర ఆగిపోతుంది. ఒక్క కిలో ఇనుము తగ్గలేదు, ఒక్క బస్తా సిమెంటు తగ్గలేదు, బలం మాత్రం సగానికి పైగా పోయింది. ఆ బాల్కనీ సెంట్రింగ్ విప్పిన రోజే పడిపోకపోవచ్చు. గోడకు బాల్కనీ కలిసే చోట పైన ఒక గీత పడుతుంది, వాన నీరు అందులోకి దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఈ తుప్పుకు ఎక్కువ కాలం పట్టదు.

ఇంతటి చిన్న జారుడు మీద ఇంత నష్టం ఆధారపడి ఉంది కాబట్టే, మన దేశంలో కాంక్రీటుకు ప్రమాణమైన ఐ.ఎస్. 456 ఇలాంటి పల్చటి స్లాబుల్లో ఈ లోతు విషయంలో అటూ ఇటూ 10 ఎం.ఎం. తేడా మాత్రమే ఒప్పుకుంటుంది. చిటికెన వేలు మందం కంటే తక్కువ. కాబట్టి ఇంజినీరు గారు ఎత్తు కొలిచేటప్పుడు గోడ దగ్గర ఒకచోట, అంచున ఒకచోట, మధ్యలో ఒకచోట కొలవాలి. కొలిచాక ఒక మనిషిని ఆ రాడ్ల మీద నిలబెట్టి మళ్లీ కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. రాడ్డు వంగితే కుర్చీలు చాలవు. బాల్కనీలో ప్రతి రెండున్నర, మూడు అడుగులకు ఒక కుర్చీ పడితే గానీ మనుషుల తొక్కుడుకు ఆగదు.

కుర్చీ ఎత్తు కూడా లెక్క ప్రకారం ఉండాలి. 125 ఎం.ఎం. మందంలోంచి పై కవర్ 30, పై రాడ్డు 10, దాని కింద అడ్డంగా కట్టిన 8 ఎం.ఎం. రాడ్డు తీసేస్తే 77 మిగులుతుంది. కుర్చీ మొత్తం ఎత్తు అంతే, దాదాపు 3 అంగుళాలు. దాని కాళ్లు నేరుగా పలక మీద ఆనకూడదు. ఆనితే సెంట్రింగ్ విప్పాక బాల్కనీ అడుగున నాలుగు ఇనుప చుక్కలు బయటికి కనిపిస్తాయి, తుప్పు అక్కడి నుంచే లోపలికి పాకుతుంది. కాళ్ల కింద కవర్ బ్లాకు పెట్టి, బ్లాకుతో కలిపి 77 వచ్చేలా కుర్చీ వంచాలి.

లోపలికి ఎంత వెళ్లిందన్నది రెండో సగం. బయటికి 4 అడుగులు వస్తే లోపలికి 6 అడుగులు పోవాలని ఇంజినీర్లు సాధారణంగా ఒకటిన్నర రెట్లు ఇస్తారు. రాడ్డు మిగిలిన ముక్కల్లోంచి కోసినప్పుడు ఈ పొడవే తగ్గుతుంది, బయటికి ఉన్నది ఎప్పుడూ తగ్గదు. ఎందుకంటే బయటిది అందరికీ కనిపిస్తుంది.

రెండో ప్రశ్న డెల్టాలో ప్రత్యేకంగా అడగాల్సింది. ఇక్కడి పల్లాల్లో ప్లింత్ ఎత్తు పెట్టి లోపల మెరక పోస్తారు. ఎక్కువగా బుసకో, కాలువ తవ్విన మట్టో. గ్రౌండ్ ఫ్లోర్ స్లాబు వేసే నాటికి ఇంకా ఫ్లోరింగు పడదు, అంటే స్లాబును కింద నుంచి మోసే బాదులన్నీ ఆ మెరక మీదే నిలబడతాయి. అది సరిగా దిమ్మిస చేయకపోతే, నీళ్లు పోసి అణచకపోతే, స్లాబు బరువు పడగానే బాదు దిగుతుంది. అంతకన్నా దారుణం, స్లాబు రోజు పైనుంచి కారే నీళ్లకు మెరక తడిసి అప్పుడు దిగుతుంది.

లెక్క ఇదీ. మూడడుగుల దూరంలో బాదులు పెడితే ఒక్కో బాదు మీద పడే భాగం దాదాపు 0.8 చదరపు మీటరు. పచ్చి కాంక్రీటు, పలకలు, మీద తిరిగే మనుషులు కలిపి ఒక బాదు సుమారు 450 కిలోలు మోస్తుంది. నాలుగు అంగుళాల సర్వీ బాదు నేరుగా మట్టి మీద ఆనితే ఆ చిన్న గుండ్రం మీద చదరపు మీటరుకు 55 టన్నుల పైచిలుకు ఒత్తిడి వస్తుంది. కొత్తగా పోసిన బుసక దాన్ని మోయదు. కింద ఒక ఇటుక పెడితే అది 17 టన్నులకు తగ్గుతుంది, ఇటుక పగలకపోతేనే. 9 అంగుళాల వెడల్పు, ఒకటిన్నర అడుగు పొడవు ఉన్న మందమైన చెక్క పలక పెడితే నాలుగున్నర టన్నుల దగ్గరికి వస్తుంది. మెరకను బాగా అణచిన చోట పలకతో సరిపోతుంది. అణచని చోట ఇంజినీరు గారు ముందే పల్చటి కాంక్రీటు బెడ్డు వేయించమంటారు. ఎలాగూ ఫ్లోరింగు కింద పడాల్సిందే కాబట్టి అది వృథా ఖర్చు కాదు.

బాదు దిగిందని తెలియాలంటే ముందుగానే గురుతు పెట్టుకోవాలి. గురువారం తనిఖీలో పలకల అడుగుకు, స్తంభం మీద గీసిన లెవెల్ గీతకు మధ్య దూరం నాలుగైదు చోట్ల కొలిచి సుద్దతో అక్కడే రాయించుకోవాలి. శనివారం కాంక్రీటు సగం పడ్డాక కింద ఒక మనిషి అవే చోట్ల మళ్లీ కొలవాలి. కొద్దిగా తగ్గితే అక్కడి బాదు కింద చీలిక కొట్టి బిగించొచ్చు. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ వంపు ఇంక పోదు, పైన వాన నీరు అక్కడే నిలుస్తుంది. బాదు కింద అతుకు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టడం కూడా ఇక్కడ తరచూ కనిపిస్తుంది. రెండు ముక్కలకు మించితే ఆ బాదు మార్పించాలి.

నీళ్ల సంగతి కోసం ఇతర ప్రశ్నల కన్నా ముందే, కనీసం వారం ముందు, కదలాలి. పరీక్షకు సమయం పడుతుంది కాబట్టే ఉత్తరంతో పాటు కాగితం జతచేయమన్నది. సముద్రం దగ్గరి మండలాల్లోనూ, ఆక్వా చెరువులు నిండిన చోట్లా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. కాలువలు కట్టేసే వేసవిలో తీపి నీళ్లు దొరకడం కష్టం, స్లాబులు ఎక్కువ పడేదీ అప్పుడే. ఇనుము ఉన్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని ఐ.ఎస్. 456 చెబుతుంది. ఇనుము లేని కాంక్రీటుకు 2,000 దాకా పర్వాలేదు. ఈ రెండంకెల మధ్య తేడా చూస్తే ఉప్పు దెబ్బ ఎక్కడ పడుతుందో అర్థమవుతుంది. క్లోరైడ్ కాంక్రీటును అంతగా ఏమీ చేయదు, రాడ్డు చుట్టూ కాంక్రీటు ఏర్పరిచే రక్షణ పొరను చీలుస్తుంది. కవర్ ఎంత మందంగా ఇచ్చినా ఉపయోగం లేదు, ఉప్పు లోపలే ఉంది కదా.

వాటర్ ప్లాంటు వాళ్ల దగ్గర ఉండే, నీళ్లలో కరిగిన లవణాలను చూపే టి.డి.ఎస్. మీటరుతో మొదటి వడపోత చేయొచ్చు. మామూలు ఉప్పులో దాదాపు 60 శాతం క్లోరైడ్. కాబట్టి టి.డి.ఎస్. 800 దాటకపోతే, అందులో ఉన్నదంతా ఉప్పే అనుకున్నా, క్లోరైడ్ 500 లోపే ఉంటుంది. 800 దాటితే ఆ నీళ్లు పనికిరావని తేల్చలేం, ల్యాబు పరీక్ష మాత్రం తప్పదు. మీటర్ల అంకెలు కొంత అటూ ఇటూ ఉంటాయి గనుక 700 దాటినా పంపించడమే మంచిది. మంచినీళ్ల ట్యాంకరు తెప్పించాలన్నా భయపడాల్సిన ఖర్చు కాదు. 18 ఘనపు మీటర్లకు సుమారు 120 బస్తాలు పడతాయి. బస్తాకు 25 లీటర్ల లెక్కన, ఇసుకలో ఉన్న తేమ కూడా అందులోనే అనుకుంటే, 3,000 లీటర్లు. కడుక్కోవడానికి కలుపుకున్నా 5,000 లీటర్ల ట్యాంకరు ఒక్కటి చాలు. స్లాబు తడపడానికీ ఉప్పు నీళ్లు వద్దు. మరో మాట: సముద్రపు పోటు నీరు చేరే పాయల్లో తీసిన ఇసుకకూ ఇదే పరీక్ష. ధవళేశ్వరం ఎగువన తీసిన ఇసుకకు ఈ బాధ లేదు.

కవర్ ప్రశ్నకు జవాబు చూడటం తేలిక. స్లాబు కిందికి వెళ్లి పలకల సందుల్లోంచి, పైనుంచి రాడ్ల మధ్యలోంచి చూడాలి. రాడ్ల కింద కంకర రాళ్లు పెట్టి ఉంటే అది కవర్ కాదు, వైబ్రేటర్ పెట్టగానే రాయి పక్కకు పోతుంది, రాడ్డు పలక మీద కూర్చుంటుంది. పదేళ్లకు సీలింగు పెచ్చులు ఊడి రాడ్లు కనిపించే ఇళ్లలో జరిగింది చాలావరకు ఇదే. సిమెంటు కవర్ బ్లాకులు స్లాబులోని మిగతా కాంక్రీటుకు తగ్గనంత గట్టిగా ఉండాలి, రాడ్డుకు బైండింగ్ వైరుతో కట్టి ఉండాలి. మేస్త్రులు ముందురోజు పోసిన బ్లాకులు చేత్తో నలిగిపోతాయి, పది రోజుల ముందే పోసి నీళ్లలో ఉంచమనాలి. కవర్ ఎంత అన్నది ఇంజినీరు గారే చెప్పాలి. ఐ.ఎస్. 456 ప్రకారం ఏ ఇబ్బందీ లేని లోపలి చోట్లకు 20 ఎం.ఎం., వానకు తడిసే చోట్లకు 30, సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే చోట్లకు 45. తీరానికి ఆనుకున్న ఊళ్లో కట్టేటప్పుడు డ్రాయింగులో అంతటా 20 అని ఉంటే అది ఎలా వచ్చిందో అడగడంలో తప్పు లేదు.

రాడ్లు కలిపే పొడవుకు పాత అలవాటు రాడ్డు మందానికి 40 రెట్లు. ఎం25, ఎఫ్‌ఈ 500కు లెక్క 49 రెట్ల దగ్గరికి వస్తుంది, అంటే 10 ఎం.ఎం. రాడ్డుకు దాదాపు 20 అంగుళాలు. అతుకులన్నీ ఒకే వరుసలో పడకుండా చూడమనాలి. కరెంటు పైపులు ఒకేచోట గుంపుగా పోకూడదు, అడుగు రాడ్లకీ పలకకీ మధ్య దూరకూడదు. బీముల అడుగున పడ్డ రంపపు పొట్టు, వైరు ముక్కలు శుక్రవారం సాయంత్రం నీళ్లతో కడగాలి.

ఆపే గీత గురించి ఒక్క మాట. మే నెల సాయంత్రపు గాలివానకు మిల్లర్ ఆగితే మేస్త్రి చేతికి దొరికిన చోట, తరచూ బీము పక్కనే, ఆపేస్తాడు. స్లాబును తెగ్గొట్టే కోత బలం ఎక్కువగా ఉండేది అక్కడే. గది స్పాన్, అంటే ఆధారాల మధ్య దూరంలో, నడిమి మూడో వంతులో నిలువుగా చెక్క అడ్డుపెట్టి ఆపాలి, బాల్కనీలో మాత్రం ఎక్కడా ఆపకూడదు. అందుకని బాల్కనీ, దాని వెనక గదీ ఒకే విడతలో పోసేలా పని ఏ మూల మొదలవ్వాలో కూడా గీతతో పాటే ఇంజినీరు గారు చెప్పాలి. కప్పడానికి పాలిథీన్ షీటు సైటులో ఉండాలి.

విప్పే తేదీలు ఆయన చేతే రాయించుకోవాలి. మామూలు సిమెంటుతో నాలుగున్నర మీటర్ల లోపు స్పాన్ ఉన్న స్లాబు బాదులకు ఐ.ఎస్. 456 చెప్పే కనీస గడువు 7 రోజులు, ఆరు మీటర్ల లోపు స్పాన్ ఉన్న బీముల బాదులకు 14. బూడిద కలిసిన పి.పి.సి. సిమెంటు మెల్లగా గట్టిపడుతుంది, దానికి ఇంకా ఎక్కువే పడుతుంది. బాల్కనీ బాదులు అన్నిటికన్నా చివర. తీసేటప్పుడు బయటి అంచున ఉన్నవి ముందు తీసి గోడ వైపు రావాలి. గోడ దగ్గరివి ముందు తీసి అంచున బాదు వదిలేస్తే, బాల్కనీకి రెండు ఆధారాలు ఏర్పడి మధ్యలో అడుగున లాగుడు వస్తుంది, అక్కడ ఇనుమే లేదు.